నోరు జారిందా, మీరు అన్నారా?

ప్రశ్న: మాకు పెళ్ళయి 11 ఏళ్ళు. పాపకు 9 ఏళ్ళు. శనివారం రాత్రి నాకూ మా ఆవిడకూ పెద్ద గొడవైంది. ఇన్సూరెన్స్ ప్రీమియం కట్టాల్సిన ఆఖరి తేదీ దాటిపోయింది. తను రెండుసార్లు గుర్తుచేసినా నేను మర్చిపోయాను. అదే అడిగింది. "ఈ ఇల్లు నీకు లాడ్జి లాంటిది" అని కూడా అంది. నాకు ఒళ్ళు మండి, "నువ్వా నాకు చెప్పేది? భయపడి చదువు మధ్యలో వదిలేసినదానివి" అనేశాను. పాప పక్కనే ఉంది. పాప కోసమే చదువు ఆపేసిందని అందరూ అనుకుంటారు. ఫెయిలవుతానన్న భయంతో ఆపేశానని నాలుగేళ్ళ క్రితం ఒక రాత్రి ఏడుస్తూ నాకొక్కడికే చెప్పింది. ఆ మాట వినగానే "అన్నది నువ్వేనా" అని లోపలికి వెళ్ళిపోయింది. రెండు రోజులైంది, పాప విషయాలు తప్ప ఏమీ మాట్లాడటం లేదు. ఎదురుగా చెప్పలేక ఈ చీటీ రాశాను:

"సారీ. మొన్న ఏదో కోపంలో నోరు జారింది. నా మాటల వల్ల నువ్వు బాధపడి ఉంటే క్షమించు. ఆఫీసు టెన్షన్ వల్ల అలా అయిపోయింది. నువ్వు కూడా ఆ లాడ్జి మాట అనకుండా ఉండాల్సింది. నిన్ను ఎంత ప్రేమిస్తానో నీకు తెలుసు. ఇవన్నీ మర్చిపోయి ఎప్పటిలా ఉందాం."

ఇది ఇవ్వనా? ఏమైనా మార్చాలా?

సమాధానం: ఇది ఇవ్వకండి. చీటీ రాయాలన్న ఆలోచన మంచిదే, ఈ చీటీ మాత్రం వద్దు.

ఒక పని చెయ్యండి. పెన్ను తీసుకుని మీరు రాసిన ప్రతి వాక్యంలో ఆ పని చేసిందెవరో వెతికి, ఆ మాట కింద గీత గీయండి. జారింది ఎవరు? నోరు. అయిపోయింది ఏమిటి? "అలా". ఏమిటో పేరు కూడా లేదు. బాధపడింది ఆవిడ, అదీ "పడి ఉంటే". ఒక మాట అనకుండా ఉండాల్సింది కూడా ఆవిడే. "ఉందాం" దగ్గర ఇద్దరికీ చెరి సగం. మీరు స్వయంగా చేసినట్టు కనిపించే పని చీటీ మొత్తం మీద ఒక్కటే, అది ప్రేమించడం. శనివారం రాత్రి ఏం జరిగిందో తెలియనివాళ్ళెవరైనా దీన్ని చదివితే, ఒక మంచి మనిషి ఇంట్లో నోరు అనే వేరే ప్రాణి ఏదో తిరుగుతోందని అనుకుంటారు.

వేళాకోళం చేస్తున్నానని అనుకోకండి. తెలుగులో ఇలా తప్పించుకోవడం మరీ సులువు. మనకు కోపం వస్తుంది, నిద్ర వస్తుంది, వాన వస్తుంది. అన్నీ వాటంతటవే వస్తాయి, మనం ఊరికే అక్కడ ఉంటాం. మాట జారుతుంది, గొడవ అవుతుంది, "అలా జరిగిపోయింది" అంటాం. ఆ "పోయింది" తగిలించగానే పని మన చేతుల్లోంచి వెళ్ళిపోతుంది. రోజువారీ మాటల్లో ఇందులో తప్పేమీ లేదు. క్షమాపణలో మాత్రం ఎదుటి మనిషి వెతికేది సరిగ్గా ఆ ఒక్క మాట కోసమే, అంటే "నేను" కోసం. అది లేకపోతే మిగతా వాక్యాలు ఎంత మెత్తగా ఉన్నా చదివినవాళ్ళకు ఏదో వెలితి తెలుస్తుంది. ఏమిటని అడిగితే వాళ్ళూ చెప్పలేరు.

ఇంకో సంగతి గమనించారా? నాకు రాసిన ఉత్తరంలో మీరు "అనేశాను" అని రాశారు. అన్నది మీరేనని స్పష్టంగానే ఉంది. ఆవిడకు రాసేసరికి అది "నోరు జారింది" అయింది. ముక్కూ మొహం తెలియని నాకు చెప్పగలిగిన నిజం ఆవిడకు చెప్పలేకపోయారు. కాబట్టి చీటీకి కావలసిన వాక్యం మీ దగ్గర ఇప్పటికే ఉంది, తప్పు అడ్రసుకు పంపారంతే.

అయితే "అనేశాను" అని మార్చేస్తే పని అయిపోదు. ఏం అన్నారో, అది ఏ రకం మాటో తేలాలి. "నువ్వేనా" అని ఆవిడ అడిగిన దాని దగ్గర కాసేపు ఆగండి. "ఏమన్నావు" అని అడగలేదు, "ఎందుకన్నావు" అనీ అడగలేదు. "నువ్వేనా" అంది. భయపడి చదువు వదిలేసిందని బయటివాళ్ళెవరైనా అని ఉంటే, ఆవిడ ఇంటికొచ్చి ఆ బాధ మీతోనే చెప్పుకునేది. ఆ మాట దాచుకున్న చోటు మీరు. శనివారం ఆ చోటే ఆవిడ మీదికి తిరగబడింది. ఇక్కడ గాయం మాటది సగమే. మిగతా సగం, మాటను నమ్మి ఇచ్చిన చేతులది. మీ చీటీ ఈ రెండో సగాన్ని ముట్టుకోనే లేదు. "బాధపెట్టాను" అని ఎన్నిసార్లు రాసినా ఆవిడకు సరిపోదు. "నువ్వు నమ్మి చెప్పినదాన్ని నీ మీదే వాడాను" అని ఒక్కసారి రాస్తే, మీకు అర్థమైందని ఆవిడకు తెలుస్తుంది.

ఇక్కడ చాలామంది ఇంకో పొరపాటు చేస్తారు. తప్పు పూర్తిగా ఒప్పుకోవాలని, అన్న మాటను కొటేషన్లలో పెట్టి మళ్ళీ రాస్తారు. అలా రాయకండి. కాగితం ఇంట్లో ఉండిపోతుంది. ఆరు నెలల తర్వాత ఏ సొరుగులోనో దొరికితే, మీ క్షమాపణ కంటే ముందు ఆ మాటే కళ్ళకు తగులుతుంది. పైగా ఆ రహస్యం అక్షరాలుగా మారి పాప చేతికి దొరికే ప్రమాదం ఉంది. మాటను మళ్ళీ రాయకుండా మీరు చేసిన పనిని రాయొచ్చు. "ఏదేదో అన్నాను" అంటే దాటవేత. "నువ్వు నాకొక్కడికే చెప్పుకున్న సంగతి తీసి పాప వింటుండగా నీ మీద విసిరాను" అంటే ఒప్పుకోలు. అన్న మాట మళ్ళీ రానక్కర్లేదు, దాని బరువంతా ఇందులో ఉంది.

ఆఫీసు టెన్షన్ సంగతి. అది నిజం కాదని నేననను. చీటీలో దానికి చోటు లేదంటున్నాను. టెన్షన్ వల్ల మనిషి విసుక్కోవచ్చు, గొంతు పెంచొచ్చు. నాలుగేళ్ళ నాటి ఒక రాత్రిని గుర్తుతెచ్చుకుని, ఎక్కడ కొడితే ఎదుటివాళ్ళు నోరెత్తలేరో చూసి అక్కడే కొట్టడం టెన్షన్ చేసే పని కాదు. తేదీ మర్చిపోయింది మీరు, దొరికిపోయారు. ఆ ఇరుకులోంచి బయటపడటానికి చేతికి దొరికిన వాటిలో అన్నిటికంటే పదునైనది తీశారు. కారణం రాయాలనిపిస్తే ఇది రాయండి. ఇది మీ గొప్పను తగ్గించే కారణం, అందుకే నమ్మదగినది. మనల్ని మంచివాళ్ళుగా చూపించే కారణాలను ఎదుటివాళ్ళు వెంటనే పసిగడతారు.

మీకు ఇది ఒక్క రాత్రి గొడవ, ఆవిడకు కాదు. ఈ తేడా కొత్తది కాదు, మీ ఒక్కరిదీ కాదు. రాయ్ బామైస్టర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త సహచరులతో కలిసి 1990లో ఒక అధ్యయనం ప్రచురించారు. అందులో ఒక్కొక్కరి చేత రెండేసి సంఘటనలు రాయించారు. ఒకటి ఎవరో తమకు కోపం తెప్పించినది, రెండోది తాము ఇంకొకరికి కోపం తెప్పించినది. రాసింది అవే మనుషులు, అయినా కథలు రెండు రకాలుగా వచ్చాయి. తాము తప్పు చేసిన కథలో అది ఎప్పుడో ఒకసారి జరిగింది, దానికో కారణం ఉంది, అక్కడితో ముగిసింది. తాము బాధపడిన కథలో దానికి వెనక చాలా ఉంది, తర్వాతా చాలా ఉంది, ఇంకా ముగియలేదు. మీ చీటీ ఆఖరి వాక్యం "ఇవన్నీ మర్చిపోయి ఎప్పటిలా ఉందాం" మొదటి రకం కథలోంచి వచ్చింది. దాన్ని కొట్టేయండి. ఎప్పుడు మర్చిపోవాలో, అసలు మర్చిపోవాలో వద్దో నిర్ణయించే హక్కు ఈసారి మీ దగ్గర లేదు.

"క్షమించు" కూడా తీసేయమంటాను. దీనికి మీరు ఒప్పుకోకపోవచ్చు, క్షమాపణ చీటీలో క్షమించమని అడగకపోతే ఎలా అని అనిపించొచ్చు. 2016లో రాయ్ లెవికి అనే పరిశోధకుడి బృందం క్షమాపణను ఆరు భాగాలుగా విడదీసి, ఏది ఎంత పనిచేస్తుందో చూసింది. అన్నిటికంటే బాగా పనిచేసింది తప్పు నాదేనని ఒప్పుకోవడం. దాని తర్వాత, జరిగినదాన్ని సరిదిద్దుతానని ముందుకు రావడం. క్షమించమని అడగడం అన్నిటికంటే అడుగున తేలింది. ఆ పరీక్ష ఉద్యోగాల సందర్భంలో, ఊహించి చెప్పిన సంఘటనలతో చేసింది, ఆలుమగల గొడవతో కాదు. అయినా నా దగ్గరికి వచ్చే జంటల్లో నేను చూసేది దీనికి దగ్గరగానే ఉంటుంది. "క్షమించు" అనగానే చీటీ ఒక దరఖాస్తు అవుతుంది. జవాబు చెప్పాల్సిన పని ఆవిడ నెత్తిన పడుతుంది. క్షమించకపోతే తను రాతి మనిషి, క్షమిస్తే ఇంకా మానని గాయం మీద కట్టు తనే కట్టుకోవాలి.

లాడ్జి మాట. అది మిమ్మల్ని గుచ్చింది, తెలుస్తూనే ఉంది. ఇల్లు లాడ్జి అనడం మీ మీద వేసిన ముద్ర, అన్యాయం అనిపించే హక్కు మీకుంది. దాని గురించి మాట్లాడండి, కానీ ఈ చీటీలో వద్దు, ఈ వారంలోనూ వద్దు. ఒకే కాగితం మీద మీ తప్పూ ఆవిడ తప్పూ పక్కపక్కన పెడితే, ఆవిడ కళ్ళు తన తప్పు దగ్గరే ఆగి, దానికి జవాబు వెతుక్కుంటాయి. మీ తప్పు సంగతి అక్కడితో సరి. రెండు లెక్కలూ నిజమే, రెండు రోజులు కావాలి. ఒకవేళ ఆవిడే "నేనూ ఆ మాట అనకుండా ఉండాల్సింది" అంటే, "అవును మరి" అనకండి. "అది తర్వాత మాట్లాడుకుందాం" అంటే చాలు.

మా ఇంట్లో సంగతి ఒకటి చెప్తాను. పెళ్ళయిన కొత్తలో ఒకసారి నేను కూడా ఇలాగే గొడవపడి నాలుగు పేజీల ఉత్తరం రాశాను. నేనెంత నీచుణ్ణో, తనకు ఎంత తగనివాణ్ణో, నా చిన్నప్పటి కష్టాలతో సహా. రాస్తూ రాస్తూ నాకే కళ్ళనీళ్ళు వచ్చాయి. ఆవిడ మొత్తం చదివి, మడతపెట్టి, "ఇందులో నేనెక్కడున్నాను?" అంది. అప్పట్లో కోపం వచ్చింది (చూశారా, మళ్ళీ వచ్చింది). తర్వాత లెక్కపెట్టుకుంటే, నాలుగు పేజీల్లో ఆవిడకు ఏం జరిగిందో చెప్పే వాక్యాలు రెండే ఉన్నాయి. మిగతాదంతా నన్ను ఓదార్చమని అడగడమే. అందుకే చెప్తున్నాను, తప్పు తగ్గించి రాయడం ఎంత చెడ్డదో, తనను తాను చితకబాదుకోవడమూ అంతే. ఒక పేజీ దాటనివ్వకండి, సగం పేజీ అయినా చాలు.

ఇక సరిదిద్దడం. "ఇంకెప్పుడూ కోప్పడను" అని రాయకండి. మీరు కోప్పడతారు, ఆవిడకూ తెలుసు. చెయ్యగలిగినంతే రాయండి, చేశారో లేదో ఆవిడ కళ్ళతో చూడగలిగేలా ఉండాలి. దంపతుల గొడవల మీద ఏళ్ళ తరబడి పనిచేసిన జాన్ గాట్మన్ ఒక పనికొచ్చే సంగతి చెప్పారు. గొడవలో గుండె నిమిషానికి 100 సార్లు దాటి కొట్టుకుంటున్నప్పుడు ఎదుటివాళ్ళ మాట సరిగా చెవికెక్కదు. ఒళ్ళు నెమ్మదించడానికి కనీసం 20 నిమిషాలు పడుతుంది. ఆ సమయంలో పక్క గదిలో కూర్చుని "వస్తే ఇలా అంటాను" అని డైలాగులు సిద్ధం చేసుకుంటే ఒళ్ళు అప్పటికీ నెమ్మదించదు. కాబట్టి మీరు ఇవ్వదగ్గ మాట ఇది: గొంతు పెరుగుతోందని తెలియగానే, "అరగంటలో వస్తాను" అని చెప్పి పక్కకు వెళ్ళడం, చెప్పిన టైముకు తిరిగి రావడం. టైము చెప్పకుండా వెళ్తే అది అలిగి వెళ్ళడమే. చెప్పి రాకపోతే అంతకంటే అన్యాయం.

ప్రీమియం కట్టారా? మీ ఉత్తరంలో ఆ ముక్క లేదు. కట్టకపోతే ఈ సమాధానం చదవడం ఆపి ముందు అది చూడండి.

ఇవన్నీ కలిపితే చీటీ ఇలా ఉండొచ్చు. మక్కీకి మక్కీ దించకండి. 11 ఏళ్ళుగా మీతో ఉన్న మనిషికి మీ మాటతీరు తెలుసు, రెండో లైనుకే పట్టేస్తుంది. ఏది ఎక్కడుందో చూసుకుని మీ మాటల్లో రాయండి. మీకు నిజం కాని వాక్యం ఉంటే వదిలేయండి.

"శనివారం రాత్రి నేను నిన్ను అవమానించాను. తేదీ మర్చిపోయింది నేను. అది ఒప్పుకోవడం ఇష్టంలేక, నీ నోరు మూయించే మాట కోసం వెతికాను. నువ్వు నన్ను నమ్మి నాకొక్కడికే చెప్పుకున్న సంగతి తీసి నీ మీద విసిరాను. అదీ పాప వింటుండగా. 'నువ్వేనా' అని ఎందుకన్నావో నాకు అప్పుడు తెలీలేదు. ఇప్పుడు తెలుస్తోంది. ఆ మాట ఇంకెవరన్నా నువ్వు నా దగ్గరికి వచ్చేదానివి. అన్నది నేనే.

ఆ సంగతి ఇక ఏ గొడవలోనూ తియ్యను. గొంతు పెరిగితే అరగంటలో వస్తానని చెప్పి పక్కకు వెళ్తాను, వస్తాను. అమ్మతో అలా మాట్లాడటం నా తప్పని పాపకు చెప్పాను. చదువు విషయం తనతో ఏమీ మాట్లాడలేదు, అది నీ ఇష్టం. ప్రీమియం కట్టాను, ఇకమీదట ఆ తేదీలు నేనే చూసుకుంటాను, నువ్వు గుర్తుచెయ్యక్కర్లేదు.

దీనికి జవాబివ్వాలని లేదు. నువ్వెప్పుడు మాట్లాడాలనుకున్నా అడ్డుపడకుండా వింటాను."

ఇది ఫోన్లో పంపకండి. మెసేజ్ చదివినట్టు మీకు తెలిసిపోతుంది, మీకు తెలిసిందని ఆవిడకూ తెలుస్తుంది, ఆ క్షణం నుంచి జవాబు కోసం ఇద్దరూ ఫోన్ చూస్తూ కూర్చుంటారు. కాగితం మీద మీ చేతిరాతతో రాసి, మడతపెట్టి, పాప పడుకున్నాక చేతికివ్వండి. "నువ్వు వీలైనప్పుడు చదువు" అని అక్కడినుంచి కదలండి. పువ్వులూ బహుమతులూ జతచేయకండి. మర్నాడు పొద్దున "చదివావా?" అని అడగకండి. చదవకుండా ఉండరు.

ఆవిడ ఏమీ అనకపోవచ్చు, "సరే" అని ఊరుకోవచ్చు. లేదా ఒక సాయంత్రం కూర్చోబెట్టి, మూడేళ్ళ కిందటిదీ ఐదేళ్ళ కిందటిదీ వరసగా తీయొచ్చు. ఈ మూడోదానికే మీరు ఎక్కువగా సిద్ధపడాలి, నా అనుభవంలో అదే మంచి సూచన కూడా. అప్పుడు "నేను రాసింది శనివారం గురించి కదా" అంటే, చీటీ చించేసినట్టే. వినడం అంటే ఆవిడ ఆగినప్పుడు "ఇంకా?" అని అడగడం.

మీ ఉత్తరంలో అలాంటిదేమీ కనిపించలేదు, అయినా ఇది చదివే ఇంకొందరి కోసం చెప్పాలి. మీరంటే ఆవిడకు భయమున్నా, చెయ్యి లేచినా, ఇలాంటి చీటీలు ఇంట్లో ఇప్పటికే మూడో నాలుగో ఉన్నా, ఇంకో చీటీ రాయడం పరిష్కారం కాదు. అప్పుడు చీటీ కూడా ఆవిడను కట్టిపడేసే ఇంకో తాడు అవుతుంది. ఆ పరిస్థితిలో ముందు ఆవిడకు కావలసినంత దూరం ఇచ్చి, మీరు ఒక్కరే కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళాలి.

ఇక పాప. తనతో మాట్లాడటం చీటీ ఇవ్వకముందే కావాలి, "చెప్పాను" అని రాస్తున్నారు కాబట్టి. పెద్ద ప్రసంగం అక్కర్లేదు. "మొన్న రాత్రి నేను అమ్మతో చాలా తప్పుగా మాట్లాడాను. తప్పు నాది, అమ్మది కాదు." ఇంతే. తొమ్మిదేళ్ళ పిల్ల కాబట్టి "అమ్మ నిజంగా భయపడిందా?" అని అడిగే అవకాశం బాగా ఉంది. అవుననీ కాదనీ అనకుండా, "ఆ సంగతి అమ్మ చెప్పాలనుకుంటే అమ్మే చెప్తుంది, నేను చెప్పకూడదు" అనండి.